మోడల్ ఎత్తు అయిదడుగుల ఎనిమిది

లిదియమ్మ ఉదయగిరి బస్టాండు వెనక వీధిలో ఆడవాళ్ల బట్టలు కుట్టేది. పెళ్లికి ముందు మిషన్ బంగళాలో దొరసాని దగ్గర నేర్చుకున్న పని అది. భర్త పోయి పదకొండేళ్లయినా ఆమె కుట్టుమిషను ఒక్క నెల కూడా ఊరికే ఉన్నది లేదు. యాభై దాటినా కళ్లు చురుగ్గా ఉండేవి. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకముందే భుజం ఎంత, నడుము ఎంత అన్నది అర అంగుళం అటూ ఇటూగా చెప్పేసేది.

ఎదురింటి పిచ్చయ్య కూతురు జెస్సికాకయితే టేపుతో పనే లేదు. ఆ పిల్ల కడుపులో ఉండగానే లిదియమ్మ జుబ్బాలు కుట్టిపెట్టింది. బడికి వేసుకెళ్లిన యూనిఫారాలు, బాప్తిస్మం తీసుకున్నప్పటి తెల్ల బట్టలు, నర్సు ట్రైనింగుకు పోయేటప్పుడు కుట్టించుకెళ్లిన ఆరు జాకెట్లు, అన్నీ ఆమె చేతివే. పిల్లలు లేని లిదియమ్మకు ఆ పిల్ల కొలతలు పెరుగుతూ రావడమే ఒక లెక్కన బిడ్డ పెరగడం. జెస్సికా నాలుగడుగుల పదకొండు అంగుళాల దగ్గర ఆగిపోయింది. గుండ్రని మొహం, బొద్దుగా చూడముచ్చటగా ఉండేది. పెద్దమ్మా అని పిలిచేది.

జెస్సికాకు ఆత్మకూరు సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు పాల్, కరెంటాఫీసులో ఉద్యోగం. మే నెలలో ఆత్మకూరు చర్చిలో పెళ్లి. ఆ మాట విన్న రోజునుంచి లిదియమ్మ మనసులో ఒక గౌను కుట్టుకుంటూనే ఉంది. మెడ ఎంత లోతు ఉండాలి, చేతులకు లేసు ఎక్కడిదాకా రావాలి, పొట్టిగా కనపడకుండా కుచ్చులు ఎక్కడ మొదలుపెట్టాలి అని రోజుకొక రకంగా అనుకునేది. వాళ్లు గుడ్డ తెచ్చి చేతిలో పెడతారని ఎదురుచూసింది. ఎవరూ తేలేదు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం జెస్సికా, ఆమె వదిన కరుణశ్రీ వచ్చారు. కరుణశ్రీ పిచ్చయ్య కోడలు, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చదివేది, ఫారాలు నింపేది ఆమే. ఆ రోజు ఆమె చేతిలో గుడ్డ లేదు. నున్నటి అట్ట వేసిన రంగుల పుస్తకం ఉంది.

"పాల్ వాళ్లక్క బెంగుళూరునుంచి పంపించింది పెద్దమ్మా. పోస్టులో ఆర్డరు రాస్తే గౌను ఇంటికే వస్తాదంట. చూడు ఎంత బాగుండాయో," అంది జెస్సికా. మొహం వెలిగిపోతోంది.

లిదియమ్మ చేతిలో ఉన్న జాకెట్టు ముక్క పక్కన పెట్టింది. "పెళ్లి గౌను కూడా పోస్టులోనే వస్తా ఉండాదా ఇప్పుడు!" అంది నవ్వుతూ. ఆ నవ్వు తెచ్చిపెట్టుకున్నదని వాళ్లకు తెలియలేదు.

పుస్తకంలో తెల్లగౌన్లు రెండు పేజీల్లో ఉన్నాయి. మొదటి పేజీలో గౌను చాతీ కిందనుంచి వదులుగా కిందికి జారిపోయేది, నడుము దగ్గర అతుకు లేనిది. రెండో పేజీలోది నడుముకు బిగుతుగా పట్టి, అక్కడ పూసల పట్టీ వేసి, కిందికి గొడుగులా విచ్చుకునేది. అంచు చుట్టూ ఎంబ్రాయిడరీ. చేతుల చివర లేసు మణికట్టు మీదికి కోసుగా వచ్చింది. దాన్ని వేసుకున్న పిల్ల మెట్ల మీద నిలబడి ఉంది. పొడుగాటి మెడ, పొడుగాటి చేతులు.

"నాకు రెండోదే నచ్చింది. వదినేమో మొదటిది తీసుకోమంటా ఉండాది. నువ్వు చెప్పు పెద్దమ్మా," అంది జెస్సికా.

కరుణశ్రీ పేజీ అడుగున చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇది చూడండి పెద్దత్తా. మోడల్ ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు, మీడియం సైజు వేసుకోనుండాది అని రాసినారు. ఈ పక్క పట్టికలో మీడియం అంటే చాతీ ముప్పై నాలుగు. మన జెస్సీదీ ముప్పై నాలుగే కదా. మరి ఎత్తు ఎందుకు రాసినారంటారు? దాన్ని మనం ఎట్టా చూసుకోవాల?"

అడగవలసిన మనిషినే అడిగింది. అడగవలసిన ప్రశ్నే అడిగింది.

లిదియమ్మకు ఆ లెక్క క్షణంలో తేలిపోయింది. మనిషి ఎత్తులో నాలుగో వంతు మెడ దగ్గర్నుంచి నడుముకు పొడుగు. ముప్పై ఏళ్లుగా ఆమె పాటించిన కొలత అది. ఫోటోలో పిల్ల అరవై ఎనిమిది అంగుళాలు, అంటే నడుము పదిహేడు దగ్గర. జెస్సికా యాభై తొమ్మిది, నడుము పద్నాలుగుముప్పావు దగ్గరే వచ్చేస్తుంది. చాతీ ఇద్దరిదీ ఒకటే అయినా, ఆ పిల్ల నడుము మీద కూర్చున్న పట్టీ ఈ పిల్లకు రెండంగుళాల పైన కిందికి జారి తుంటి మీద పడుతుంది. అక్కడ ఒళ్లు వెడల్పు, గౌనేమో సన్నం. అది కిందికీ దిగదు, పైకీ నిలవదు. మిగిలిన గుడ్డంతా వీపు మీద ముద్దగా లేస్తుంది. ఆ పిల్ల కాలివేళ్ల దగ్గర ఆగిన అంచు ఈ పిల్లకు జానెడు నేల మీద ఈడుస్తుంది. చేతుల కోసులు వేళ్లను మింగేస్తాయి. అదే మొదటి పేజీ గౌనైతే అతుకు లేదు కాబట్టి చేతులు కొంచెం ఎత్తి, కింద మడిచి కుడితే సరిపోతుంది. కరుణశ్రీ ఏ లెక్కా తెలియకపోయినా సరైన పేజీ మీదే నిలబడింది.

ఇదంతా నాలుగు మాటల్లో చెప్పొచ్చు. ఎత్తు చూసుకోకుండా చాతీ ఒక్కటే చూస్తే మోసపోతారమ్మా అంటే అయిపోయేది.

కానీ జెస్సికా ఆ బొమ్మను అరచేత్తో నిమురుతోంది. ఇరవై మూడేళ్లు తన చేతి గుడ్డ కట్టుకున్న పిల్ల, ఎవరో ఎక్కడో కుట్టిన దానికోసం మురిసిపోతోంది. అడగడానికి తన దగ్గరికే వచ్చింది, కుట్టమని మాత్రం కాదు. తెప్పించుకోనీ, అనుకుంది లిదియమ్మ. వేసుకుని చూసుకోనీ. అప్పుడు తెలుస్తుంది ఎవరు కుట్టిందేమిటో.

"ఎత్తుదేముండాది! పిల్ల పొడుగ్గా ఉండాదని గొప్పకు రాసుకోనుంటారు," అంది. "చాతీ సరిపోతే అంతా సరిపోయినట్టే. మీడియమే రాయండి. పొడుగైతే కింద తగ్గించుకోవచ్చు."

"ఏ పేజీది పెద్దమ్మా?"

లిదియమ్మ వేలు రెండో బొమ్మ మీద ఆనించింది. "నీకు నచ్చిందే తీసుకో."

జెస్సికా ఆమె మెడ చుట్టూ చేతులు వేసి బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. ఆ సాయంత్రమే కరుణశ్రీ ఫారం నింపి పోస్టులో వేసింది.

ఆ తర్వాత లిదియమ్మకు నెలన్నరపాటు సరిగ్గా అన్నం సహించలేదు. చెప్పేద్దామని రెండుసార్లు రోడ్డు దాటి వాళ్లింటికి వెళ్లింది. మొదటిసారి పిచ్చయ్య వాకిట్లో కూర్చుని కొయ్య గరిటెలు చెక్కుతూ, పెళ్లికి వచ్చేవాళ్ల పేర్లు చెప్పి, "నువ్వు మా ఇంటి మనిషివి, పెళ్లి బస్సులో ముందు నువ్వే ఎక్కాల," అన్నాడు. రెండోసారి జెస్సికా ఇంట్లో లేదు. ఇంకా టైముంది, వచ్చాక చూద్దాం అనుకుంటూ ఇంటిదారి పట్టింది. ఆర్డరు మార్చమని రాయడానికి పనికొచ్చే రోజులన్నీ అట్లాగే గడిచిపోయాయి. ఒక్కోసారి, ఏమో, పుస్తకంవాళ్లు కొంచెం పొట్టిగానే కుట్టి ఉంటారేమో అని తనను తాను నమ్మించుకోబోయేది. ముప్పై ఏళ్ల కత్తెర పట్టిన చెయ్యి ఆ మాటను నమ్మనిచ్చేది కాదు.

పెళ్లి గురువారం అనగా శనివారం పార్సిల్ వచ్చింది.

మధ్యాహ్నం ఎదురింట్లోంచి జెస్సికా తల్లి శీనమ్మ గొంతు వీధిలోకి వినిపించింది. ఎవరో వచ్చి పిలవకముందే లిదియమ్మే వెళ్లింది.

గది మధ్యలో జెస్సికా గౌనులో నిలబడి ఉంది. లిదియమ్మ లెక్క వేసినదానికి అర అంగుళం తేడా లేదు. పూసల పట్టీ తుంటి మీద ఇరుక్కుని అడ్డంగా ముడతలు పడింది. వీపు మీద గుడ్డ ఉబ్బింది. జిప్పు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. కోసుల చివర వేళ్లు కనపడటం లేదు. కాళ్ల చుట్టూ తెల్ల సాటిన్ కుప్పగా పడి ఉంది. జెస్సికా అద్దంలోకి చూస్తోంది, ఏడవడం లేదు. అది మరీ ఘోరంగా ఉంది.

"నేనంత లావుగా ఉండానా వదినా?" అంది చిన్నగా.

"లావు కాదు జెస్సీ. సైజు... నేనే సరిగ్గా చూసుకోలేదేమో," అంది కరుణశ్రీ.

శీనమ్మ కోడలి మీద విరుచుకుపడింది. "చదువుకున్నదానివి! ఇంగ్లీషు వచ్చినదానివి! నా బిడ్డ పెళ్లి గౌను ఎట్టా రాయాలో తెలీకపోతే నోరుమూసుకోని ఉండాల్సింది. వాళ్లు ఎత్తు రాసినారంట, సైజు రాసినారంట. చూసినావా నువ్వు?"

"చూసినానత్తా."

"చూసి రాసినావా? అంటే కావాలనే రాసినావా?"

కరుణశ్రీ భర్త ఎడ్విన్ గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లాం వైపు చూసి, తల తిప్పుకుని, బయటికి వెళ్లిపోయాడు. కరుణశ్రీ లిదియమ్మ వైపు చూసింది. పెద్దత్తను అడిగే రాసినాం అని ఆమె అనొచ్చు. ఆ మాట ఆమె నోటి చివరిదాకా వచ్చినట్టే లిదియమ్మకు కనిపించింది. కానీ కరుణశ్రీ అనలేదు. పెద్దావిడను ఇందులోకి లాగడం ఎందుకనుకుందో, తప్పు నిజంగా తనదే అనుకుందో, తల దించుకుంది.

లిదియమ్మ నోరు తెరవవలసిన నిమిషం అదే. ఆమె తెరిచింది కూడా. వచ్చిన మాట మాత్రం వేరు.

"అరిచి ఏం లాభం శీనమ్మా? విప్పించు. నేను సరిచేస్తాను."

"అయితాదా పెద్దమ్మా? తిప్పి పంపిస్తే వేరేది ఎప్పటికి వస్తాది?" అంది జెస్సికా.

"తిప్పి పంపితే పెళ్లయినాక వస్తాది. నేను చేస్తాను గదా."

శీనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వు లేకపోతే మా గతేంది లిదియమ్మా. దేవుడే నిన్ను ఎదురింట్లో పెట్టినాడు." లిదియమ్మ ఆ చేతులు విడిపించుకోవడానికి గౌను అందుకుంది.

ఆదివారం ఆరాధన కాగానే మొదలుపెట్టింది. కింద తగ్గించుకోవచ్చని ఆ రోజు తేలిగ్గా అన్నది గానీ, కిందినుంచి ఒక్క అంగుళం కత్తిరించడానికి లేదు. అంచు చుట్టూ ఎంబ్రాయిడరీ ఉంది. నడుము దగ్గర అతుకు మొత్తం విప్పి, జిప్పు ఊడదీసి, పైభాగాన్ని అడుగునుంచి రెండుంబావు అంగుళాలు కోయాలి. కోస్తే అక్కడ వెడల్పు పెరుగుతుంది, ఒంటికి అమరేట్టు వేసే డార్టు మడతలు మళ్లీ పట్టాలి. నడుము కింది భాగంలో ఎక్కువైన పొడుగంతా పైనుంచే తియ్యాలి. చేతులు చంకల దగ్గర ఊడదీసి ఎత్తాలి, కోసు చివర ముట్టుకోకూడదు. పైగా సాటిన్. సూది దిగిన చోట గుర్తు ఉండిపోతుంది. పాత డార్టుల గుర్తుల మీద లేసు పువ్వులు కుట్టి కప్పాలి. తప్పు చేస్తే రెండోసారి చేయడానికి గుడ్డ లేదు.

సోమవారం పొద్దున కరుణశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. బడికి సెలవులు. "నాకు కుట్టడం రాదు పెద్దత్తా, విప్పడమన్నా విప్పుతాను," అని బ్లేడు తీసుకుంది. కళ్లు వాచి ఉన్నాయి. గంటసేపు ఒక్కో దారం గుడ్డకు తగలకుండా ఓపిగ్గా తెంపింది. తర్వాత పనిలోంచి తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆయన రెండు రోజులనుంచి నాతో మాట్లాడటం లేదు. మా అత్త నా చేతి కూడు తినడం లేదు. అవన్నీ తట్టుకుంటా. జెస్సీ నన్ను ఒక్క మాట అనలేదు చూడు, అదే తట్టుకోలేకపోతా ఉండాను." బ్లేడు ఆగింది. "ఎత్తు ఎందుకు రాసినారో నాకు అర్థం కాలేదు పెద్దత్తా. చిన్న క్లాసు పిల్లలకు రోజూ చెప్తాను, అర్థం కాకపోతే మళ్లీ అడగండని. నేనే ఇంకొకసారి అడగలేదు."

లిదియమ్మ మిషను తొక్కడం ఆపింది. ఈ పిల్ల అడగలేదని ఏడుస్తోంది. అడిగింది. ఇదే గదిలో, ఆ వేలితో చూపించి మరీ అడిగింది.

"నువ్వు అడిగినావు కరుణా."

"ఏంది పెద్దత్తా?"

"నువ్వు అడిగినావు. నాకు తెలుసు. చూసిన నిమిషంలోనే తెలుసు నాకు, ఆ గౌను జెస్సీకి నడుము దగ్గర నిలవదని. నువ్వు చెప్పిన మొదటి పేజీదయితే సరిపోతాదని కూడా తెలుసు. తెలిసి తెలిసి రెండోదే రాయమన్నాను."

కరుణశ్రీ ఆమె మొహంలోకి చూసింది. మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఎందుకు?"

"నన్ను కుట్టమంటారనుకున్నాను. మీరు పుస్తకం పట్టుకోని వచ్చినారు. కడుపు మండింది."

"మీ కడుపు మండితే నన్ను కొట్టుండొచ్చు గదా పెద్దత్తా! ఆ పిల్లను అద్దం ముందర అట్టా నిలబెడతారా?" కరుణశ్రీ లేచి నిలబడింది. ఒళ్లో దారాలన్నీ కింద రాలిపడ్డాయి. "మా అత్త నన్ను తిడతా ఉంటే మీరు అక్కడే నిలబడుండారు. విన్నారు. ఇంటికొచ్చి అన్నం తిన్నారా ఆ రోజు?"

"నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను," అంది లిదియమ్మ.

"నేను చెప్పేదేంది? ఏం చెయ్యాలో మీకు తెలీదా?"

తెలుసు. లిదియమ్మ గౌను మీద తెల్లగుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని, రోడ్డు దాటింది. కరుణశ్రీ ఆమె వెనకే వచ్చింది. పిచ్చయ్య వాకిట్లో ఉన్నాడు. శీనమ్మ, జెస్సికా బియ్యం ఏరుతున్నారు. ఎడ్విన్ ఇంకా పంచకుండా మిగిలిన పెళ్లికార్డుల మీద పేర్లు రాస్తున్నాడు. లిదియమ్మ కూర్చోలేదు. మోడల్ ఎత్తు అయిదడుగుల ఎనిమిది అన్నదగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏ మాటా దాచకుండా చెప్పింది. చివరికి, "కరుణ తప్పేం లేదు. ఆ తిట్లన్నీ నావి," అంది.

శీనమ్మ చేట కింద పెట్టింది. "నీ చేతులు కళ్లకద్దుకున్నాను గదే!" అంది. లేచి లోపలికి పోయింది. ఎడ్విన్ పెన్ను మూత పెట్టి, పెళ్లాం దగ్గరికి వచ్చి, అందరి ముందరా "కరుణా" అన్నాడు. కరుణశ్రీ అతనికి అందకుండా పక్కకు జరిగింది.

పిచ్చయ్య చాలాసేపు చేతిలోని కొయ్య ముక్క తిప్పుతూ కూర్చున్నాడు. "పని ఎంతదాకా వచ్చింది?" అని అడిగాడు.

"విప్పడం అయిపోయింది. బుధవారానికి అయిపోతాది. నా చేత వద్దంటే నెల్లూరులో..."

"నెల్లూరేంది, నువ్వే చెయ్యి," అన్నాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు.

లిదియమ్మ గుమ్మం దిగాక జెస్సికా వెనకనుంచి వచ్చింది. వాకిలి దాటి రోడ్డు దాకా వచ్చింది.

"నాతో చెప్పుంటే సరిపోయేది గదా పెద్దమ్మా. నేను కుడతానే అని ఒక్క మాట అనుంటే పుస్తకం అవతల పారేసేదాన్ని."

"నువ్వే అడుగుతావనుకున్నాను."

"నేనేమో నీకు శ్రమ ఎందుకులే అనుకున్నాను. ఎన్నేళ్లు కుడతావు మాకు?" జెస్సికా కళ్లు తుడుచుకుంది. "నాకు కోపంగా ఉండాది. పెళ్లయినాక కూడా ఉంటాది. మంచిదాన్నని పోతాదనుకోవద్దు. కానీ గురువారం నువ్వు రావాల. ఆ జిప్పు నువ్వు తప్ప ఎవురూ పెట్టలేరు."

ఆ రెండు రోజులూ లిదియమ్మ గుమ్మం వైపు ఎవరూ రాలేదు. ఆమె ఒక్కతే కుట్టింది. డార్టులు మూడుసార్లు పిన్నులు పెట్టి చూసుకున్నాకే మిషను మీద పెట్టింది. కొలత చూడడానికి జెస్సికా రాలేదు, ఈమె పిలవలేదు. ఆ కొలతలు ఆమె చేతుల్లోనే ఉన్నాయి. లేసు పువ్వులు ఒక్కొక్కటి చేత్తో కుట్టేటప్పుడు తన మనసులో కుట్టుకున్న గౌను గుర్తొచ్చి, దాన్ని బలవంతంగా అవతలికి తోసేసింది. ఇది ఎవరో కుట్టిన గౌను. దాన్ని ఆ పిల్లకు సరిపోయేట్టు చెయ్యడమే తనకు మిగిలిన పని.

గురువారం పెళ్లి బస్సులో ఎక్కమని ఎవరూ అనలేదు. ఆమె మామూలు బస్సెక్కి, మూట ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరులో దిగింది. పాస్టరుగారింటి వెనకగదిలో జెస్సికాకు గౌను తొడిగింది. పూసల పట్టీ సరిగ్గా నడుము మీద కూర్చుంది. జిప్పు ఆగకుండా పైదాకా పోయింది. కోసులు మణికట్టు ఎముక మీద ఆగాయి. జెస్సికా అద్దంలో చూసుకుని ఊపిరి వదిలింది. ఆమె మొహం విప్పారడం చూసి లిదియమ్మకు సంతోషం కలగబోయింది. దానికి తాను తగనని గుర్తొచ్చి మోకాళ్ల మీద కూర్చుని అంచు సర్దసాగింది.

పాల్ అక్క లోపలికి వచ్చింది. "అబ్బ, పుస్తకంలో ఉన్నట్టే ఉంది జెస్సికా! ఏం సైజు రాశారు? మా ఆడపడుచు కూడా తెప్పించుకుంటానంటోంది. ఆమె నీకంటే కొంచెం పొడుగు."

గదిలో ఉన్న శీనమ్మ మొహం తిప్పుకుంది. కరుణశ్రీ పూల సంచీలోంచి తల ఎత్తింది. "సైజు ఒక్కటే చూసి తెప్పించుకోవద్దండి. అడుగున మోడల్ ఎత్తు రాసుంటారు. మీ ఆడపడుచు ఆమెకంటే ఎన్ని అంగుళాలు తక్కువో చూసుకోండి. నడుము అతుకు ఉండే గౌనయితే అందులో నాలుగో వంతు నడుము కిందికి జారతాది. కుట్టేవాళ్లను అడిగి రాయండి." ఒక్క నిమిషం ఆగి, "ఇది రాంగానే సరిపోలేదు. మా పెద్దత్త విప్పి మళ్లీ కుట్టింది," అంది.

"అట్లాగా! మీ చేయి బంగారమండీ," అంది పాల్ అక్క లిదియమ్మతో. లిదియమ్మ అంచు వదలలేదు. తల ఎత్తితే కళ్లు కనపడతాయని భయపడింది. కరుణశ్రీ చెప్పిన లెక్క తాను వాళ్ల వాకిట్లో నిలబడి చెప్పిందే. తాను మార్చిలో చెప్పవలసింది.

పెళ్లి బాగా జరిగింది. లిదియమ్మ చివరి వరసలో కూర్చుంది. భోజనాలకు ఉండకుండా బస్సెక్కింది.

జూన్ మొదటి ఆదివారం ఉదయగిరి చర్చిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు. రొట్టె పళ్లెం ఆడవాళ్ల వరసలో చేతులు మారుతూ వచ్చింది. చేసిన తప్పు మనసులో ఉండగా అది ముట్టుకోకూడదని లిదియమ్మ ముక్క తీసుకోకుండానే పళ్లెం పక్కావిడకు అందించింది. ముప్పై ఏళ్లలో అట్లా చేయడం అదే మొదటిసారి. ద్రాక్షారసం గిన్నె కూడా తాకలేదు. పాస్టరుగారు చూశారు గానీ అడగలేదు. ఆ నెలంతా ఆమె బట్టలు కుట్టింది, తిన్నది, పడుకుంది. ఎదురింటి వాళ్లు వాకిట్లో ఉంటే లోపలే ఉండిపోయేది. ఎవరైనా గిరాకీ వచ్చి ఆ రంగుల పుస్తకం గురించి అడిగితే టేపు తీసి వాళ్ల ఎత్తు కొలిచి, ఏది నప్పుతుందో ఏది నప్పదో చెప్పి పంపించేది. చెప్పినంతసేపూ చెవులు వేడెక్కేవి.

జూలై మొదటి ఆదివారం కరుణశ్రీ వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. పలకరించలేదు. పాటల పుస్తకం తెరిచి తన పాటికి తాను పాడింది. పళ్లెం వచ్చింది. కరుణశ్రీ తన ముక్క తీసుకుని, పళ్లెం లిదియమ్మ ముందు పట్టుకుంది. లిదియమ్మ దాన్ని అవతలికి అందించడానికి చెయ్యి చాపింది. కరుణశ్రీ వదల్లేదు.

"పోనీ కరుణా," అంది లిదియమ్మ గొంతు తగ్గించి.

"తీసుకోండి."

"జెస్సీ మీ ఇంటికి వచ్చిపోతానే ఉండాది. నా గుమ్మం ఒక్కసారన్నా తొక్కిందా?"

"తొక్కలేదు. తొక్కుతాదో లేదో నాకు తెలీదు. నాక్కూడా మీ మీద కోపం పూర్తిగా పోలేదు." వెనక వరసలో వాళ్లు తొంగి చూస్తున్నారు. పళ్లెం ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. "కానీ ఆ రోజు మా వాకిట్లోకి వచ్చి చెప్పింది మీరే గదా. ఎవురూ ఈడ్చుకోని రాలేదు. తీసుకోండి పెద్దత్తా, చెయ్యి నొప్పి పుడతా ఉండాది నాకు."

లిదియమ్మ ఒక చిన్న ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నాలుక మీదే పెట్టుకుని కూర్చుంది. కరుణశ్రీ పళ్లెం అవతలికి అందించి, పాటల పుస్తకం ఇద్దరికీ కనపడేట్టు కొంచెం పక్కకు జరిపింది.